ఓఎల్‌ఎస్ అంచనానా, ఐవీ అంచనానా? రెండింటి తేడాను పరీక్షించి ఎంచుకునే పద్ధతి

అమెరికాలో 1966లో 14 నుంచి 24 ఏళ్ల వయసున్న యువకులతో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి వారి చదువునూ ఉద్యోగాలనూ నమోదు చేసిన జాతీయ సర్వే ఒకటి ఉంది. వారిలో 3,010 మందికి 1976లో అందిన వేతనాలను తీసుకుని, ఒక ఏడాది అదనపు చదువు వేతనాన్ని ఎంత పెంచుతుందన్న ప్రశ్నను డేవిడ్ కార్డ్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో పరిశీలించారు. వేతనపు లాగరిథమ్‌ను చదివిన ఏళ్లతోపాటు అనుభవం, జాతి, నివాస ప్రాంతం వంటి నియంత్రణ చరరాశుల మీద మామూలు కనిష్ఠ వర్గాల పద్ధతిలో, అంటే ఓఎల్‌ఎస్‌లో, అంచనా వేస్తే చదువు గుణకం 0.075 వస్తుంది. పెరిగిన ఊరికి దగ్గరలో నాలుగేళ్ల కాలేజీ ఉందా లేదా అన్న విషయాన్ని సాధన చరరాశిగా పెట్టి, అంటే ఐవీ పద్ధతిలో, అంచనా వేస్తే అదే గుణకం 0.132 వస్తుంది. మొదటిదాని ప్రకారం ఒక ఏడాది చదువు విలువ వేతనంలో సుమారు ఏడున్నర శాతం. రెండోదాని ప్రకారం పదమూడు శాతానికి పైనే.

ఈ రెండింటిలో ఏది రాయాలి? ఎకనోమెట్రిక్స్ చదివిన విద్యార్థి చేయి వెంటనే హౌస్‌మన్ పరీక్ష వైపు వెళ్తుంది. ఈ సమాచారం మీద ఆ పరీక్ష చేస్తే, రెండు అంచనాల మధ్య గణాంకపరంగా గుర్తించదగిన తేడా లేదని చెబుతుంది. అయితే ఓఎల్‌ఎస్ సరైనదే అనుకుని 0.075తో ముందుకు పోవచ్చా? పోకూడదని నా అభిప్రాయం. ఇదే సమాచారంలో ఆ పరీక్ష ఎంత చూడగలదో, ఎంత చూడలేదో లెక్కవేసి చూస్తే ఎందుకు పోకూడదో తెలుస్తుంది.

పరీక్ష అడిగే ప్రశ్న ఏమిటి

చదివిన ఏళ్ల సంఖ్య దోష పదంతో సంబంధం లేనిదైతే, అంటే బహిర్జనితమైతే, ఓఎల్‌ఎస్ కూడా ఐవీ కూడా ఒకే నిజ విలువ వైపు చేరుతాయి. ఓఎల్‌ఎస్ మరింత కచ్చితంగా చేరుతుంది. దాని ప్రామాణిక దోషం చిన్నది. సమీకరణంలో లేని ప్రతిభ వంటి గుణం చదువునూ వేతనాన్నీ కలిపి పెంచుతున్నట్టుగా, చదువు దోష పదంతో ముడిపడి ఉంటే, అంటే అంతర్జనితమైతే, ఓఎల్‌ఎస్ తప్పు విలువ వైపు పోతుంది. సాధన చరరాశి సరైనదైతే, అంటే చదువును కదిలిస్తూ వేతనాన్ని మరే దారిలోనూ తాకకపోతే, ఐవీ మాత్రం నిజ విలువ వైపే వస్తుంది. కాబట్టి రెండు అంచనాల మధ్య ఉన్న దూరం, కేవలం నమూనా హెచ్చుతగ్గుల వల్ల రాగలిగిన దూరం కంటే ఎక్కువగా ఉందా అని చూస్తే, చదువు అంతర్జనితమా కాదా అన్నది తెలియాలి. 1954లో డర్బిన్, 1973లో వు, 1978లో హౌస్‌మన్ వేర్వేరు దారుల్లో చేరుకున్న ఆలోచన ఇదే. అందుకే దీనిని ముగ్గురి పేర్లతో కలిపి పిలుస్తారు.

ఆ దూరాన్ని కొలవడానికి దాని విస్తృతి కావాలి. రెండు అంచనాలు ఒకే సమాచారం నుంచి వచ్చాయి కనుక, వాటి తేడా విస్తృతిని తెలుసుకోవడానికి వాటి మధ్య సహవిస్తృతి కూడా అవసరమని అనిపిస్తుంది. హౌస్‌మన్ చూపిన సౌలభ్యం ఇక్కడే ఉంది. శూన్య పరికల్పన కింద ఓఎల్‌ఎస్ అత్యంత సమర్థమైన అంచనా అయితే, తేడా విస్తృతి రెండు విస్తృతుల తేడాకు సమానమవుతుంది. ఒక్క అంతర్జనిత చరరాశి ఉన్నప్పుడు సూత్రం ఇలా ఉంటుంది:

```
H = (b_OLS − b_IV)^2 / (Var(b_IV) − Var(b_OLS))
```

కార్డ్ సమాచారంలో ఓఎల్‌ఎస్ ప్రామాణిక దోషం 0.0035, ఐవీ ప్రామాణిక దోషం 0.055. అంచనాల తేడా 0.0747 నుంచి 0.1315 తీసివేస్తే −0.0568. విస్తృతుల తేడాకు వర్గమూలం 0.0549. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే, గుర్తును పక్కన పెట్టి, 1.035 వస్తుంది; దాని వర్గం 1.07. ఐదు శాతం స్థాయిలో శూన్య పరికల్పనను తిరస్కరించాలంటే ఈ వర్గం 3.84 దాటాలి. దాటలేదు, పి-విలువ సుమారు 0.30.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించమని కోరుతున్నాను. ఓఎల్‌ఎస్ ప్రామాణిక దోషం ఈ లెక్కలో దాదాపు పాత్రే వహించలేదు. 0.055, 0.0549ల మధ్య ఉన్న తేడా మాత్రమే దాని వాటా. మూడు వేలమంది సమాచారం ఉన్నా, పరీక్ష బలమంతా ఐవీ ప్రామాణిక దోషం మీదే ఆధారపడి ఉంది. ఐవీ అంచనా ఎంత వదులుగా ఉంటే పరీక్ష అంత వదులుగా ఉంటుంది.

మూడు రూపాల్లో ఏది వాడాలి

ఇదే పరీక్షను మూడు రకాలుగా చేయవచ్చు. పైన చేతితో చేసినట్టు రెండు అంచనాల తేడాను నేరుగా కొలవడం మొదటిది. స్టాటాలో `hausman` ఆదేశం చేసేది అదే. మొదటి దశ రిగ్రెషన్ అవశేషాలను రెండో రిగ్రెషన్‌లో చేర్చి, వాటి గుణకం సున్నానా కాదా అని చూడడం రెండోది. జీఎంఎం చట్రంలో, చదువును బహిర్జనితమని అనుకున్నప్పుడూ అంతర్జనితమని అనుకున్నప్పుడూ వచ్చే రెండు లక్ష్య విలువల తేడాను తీసుకోవడం మూడోది. స్టాటాలో `ivregress gmm` తర్వాత `estat endogenous` ఇచ్చే సి గణాంకం, `ivreg2`లో `endog()` ఇచ్చే గణాంకం ఈ కోవకు చెందినవి.

సాధారణ పరిశోధనకు నేను రెండో రూపాన్నే సూచిస్తాను. మొదటి రూపంలో పొంచి ఉన్న రెండు చిక్కులు చాలామందికి కనబడవు కాబట్టి వాటిని కాస్త వివరంగా చెప్పాలి.

మొదటి చిక్కు స్వాతంత్ర్య కోటి సంఖ్యకు సంబంధించినది. అంతర్జనితమని అనుమానిస్తున్నది ఒక్క చరరాశే అయితే, నియంత్రణ చరరాశుల గుణకాల్లో ఓఎల్‌ఎస్‌కూ ఐవీకీ మధ్య కనిపించే తేడాలన్నీ చదువు గుణకంలోని ఒకే తేడాకు అనుపాతంలో ఉంటాయి. వాటిలో కొత్త సమాచారం ఏదీ ఉండదు. అందువల్ల స్వాతంత్ర్య కోటి ఒకటే ఉండాలి. కానీ సాఫ్ట్‌వేర్ గుణకాలన్నింటినీ కలిపి మాత్రిక తేడా తీసుకుంటుంది. రెండు విస్తృతి మాత్రికలను రెండు వేర్వేరు దోష విస్తృతులతో లెక్కిస్తే, తేడా మాత్రిక ఉండకూడని పూర్తి ర్యాంకును తెచ్చుకుంటుంది. అప్పుడు స్వాతంత్ర్య కోటి ఒకటికి బదులు పదిహేనో పదహారో అని ముద్రితమవుతుంది. దాంతో అదే గణాంకానికి పి-విలువ ఒకటి వైపు జరిగిపోతుంది. మీ ఫలితాల పట్టికలో హౌస్‌మన్ గణాంకం పక్కన ఉన్న స్వాతంత్ర్య కోటి, అంతర్జనిత చరరాశుల సంఖ్యతో సరిపోలకపోతే, ఆ పి-విలువను నమ్మకండి. `hausman iv ols, sigmamore` అని రాస్తే రెండు మాత్రికలకూ ఓఎల్‌ఎస్ దోష విస్తృతినే వాడుతుంది కనుక ఈ చిక్కు చాలావరకు తొలగుతుంది.

రెండో చిక్కుకు అలాంటి చిట్కా లేదు. విస్తృతుల తేడా సూత్రం ఓఎల్‌ఎస్ అత్యంత సమర్థమైనదన్న మాట మీద నిలబడి ఉంది. దోష పదం విస్తృతి అందరికీ ఒకేలా లేకపోతే, లేదా ఒకే జిల్లాలోని, ఒకే బడిలోని వ్యక్తుల దోషాలు కలిసి కదిలితే, ఓఎల్‌ఎస్ సమర్థమైనది కాదు, సూత్రమే చెల్లదు. అలాంటప్పుడు దృఢ ప్రామాణిక దోషాలను తెచ్చి అదే సూత్రంలో పెడితే హారం రుణాత్మకం కూడా కావచ్చు. వేతనాల సమాచారంలో విస్తృతి ఒకేలా ఉండడం అరుదు. కాబట్టి వేతనాల మీద, గృహ ఖర్చుల మీద, పంట దిగుబడుల మీద పనిచేసేవారికి మొదటి రూపం చేతితో సరిచూసుకోవడానికే తప్ప, ప్రచురించడానికి తగినది కాదు.

రెండో రూపంలో ఈ రెండు చిక్కులూ లేవు. చదివిన ఏళ్లను కాలేజీ సామీప్యం మీద, నియంత్రణ చరరాశులన్నింటి మీద రిగ్రెస్ చేసి అవశేషాలు తీయాలి. చదువులో కాలేజీ సామీప్యం గానీ నియంత్రణలు గానీ వివరించలేని భాగం ఆ అవశేషాల్లో ఉంటుంది. చదువు అంతర్జనితమైతే, దోష పదంతో ముడిపడి ఉండగలిగింది ఆ భాగమే. కాబట్టి వేతన సమీకరణంలో చదువుతోపాటు ఆ అవశేషాలను కూడా చేర్చి, వాటి గుణకం సున్నాకు దూరంగా ఉందా అని మామూలు టీ పరీక్ష చేస్తే సరిపోతుంది. ఆర్‌లో ఇలా ఉంటుంది:

```r
library(sandwich)
library(lmtest)
data("card", package = "wooldridge")
w  <- c("exper", "expersq", "black", "south", "smsa",
        "smsa66", paste0("reg", 661:668))
f1 <- lm(reformulate(c("nearc4", w), "educ"), data = card)
card$v <- resid(f1)
f2 <- lm(reformulate(c("educ", "v", w), "lwage"), data = card)
coeftest(f2, vcov = vcovHC(f2, type = "HC1"))
```

దృఢ విస్తృతిని వాడకుండా మామూలు ప్రామాణిక దోషంతో చూస్తే `v` గుణకం సుమారు −0.057గా, టీ విలువ పరిమాణంలో 1.08 దగ్గరగా వస్తుంది. చేతితో చేసిన లెక్కలో 1.035 వచ్చింది. ఈ చిన్న తేడాకు కారణం, ఇక్కడ ఓఎల్‌ఎస్ వైపు దోష విస్తృతిని, అక్కడ ఐవీ అంచనాకు దాని సొంత దోష విస్తృతిని వాడడమే. పై ఆదేశాల్లోని చివరి వరుస అసమాన విస్తృతికి తట్టుకునే పరీక్షను ఇస్తుంది. సమూహాలుగా ఉన్న సమాచారానికి `vcovHC` స్థానంలో `vcovCL` పెట్టుకోవచ్చు.

ఈ రూపానికి మరో మేలు ఉంది, దానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. శూన్య పరికల్పన నిజమైతే అవశేషాలు వేతన సమీకరణంలో ఏ ప్రభావమూ లేని ఇంకొక చరరాశి మాత్రమే అవుతాయి. అందువల్ల సాధన చరరాశి బలహీనంగా ఉన్నా, చదువు నిజానికి బహిర్జనితమైనప్పుడు పరీక్ష తప్పుగా తిరస్కరించే అవకాశం అనుకున్న ఐదు శాతానికి దగ్గరగానే ఉంటుంది. బలహీనత వల్ల దెబ్బ తినేది మరో వైపు. దాని గురించి కాసేపట్లో చెబుతాను.

అయితే ఈ రెండో రిగ్రెషన్‌లో చదువు గుణకం ఐవీ అంచనాతో సరిగ్గా సమానంగా, అంటే 0.132గా, కనిపిస్తుంది. దాని పక్కన ముద్రితమైన ప్రామాణిక దోషాన్ని మాత్రం ఐవీ ప్రామాణిక దోషంగా రాయకూడదు. అవశేషాలు స్వయంగా అంచనా వేసినవన్న సంగతి ఆ లెక్కలో లేదు. `v` గుణకం సున్నా అన్న పరికల్పన కింద `v` మీది టీ పరీక్ష చెల్లుతుంది. తుది ఐవీ ఫలితాన్ని మాత్రం ఐవీ ఆదేశం నుంచే తీసుకోవాలి.

రెండు తప్పులు తరచూ జరుగుతాయి. మొదటి దశలో కాలేజీ సామీప్యాన్ని మాత్రమే పెట్టి నియంత్రణ చరరాశులను వదిలేయడం ఒకటి. అలా వచ్చిన అవశేషాల్లో జాతి, ప్రాంతం వంటివాటి ప్రభావాలు కూడా కలిసిపోతాయి కనుక పరీక్షకు అర్థం పోతుంది. ఓఎల్‌ఎస్‌ను ఒక నమూనా మీద, ఐవీని మరో నమూనా మీద అంచనా వేసి పోల్చడం రెండోది. ఈ కార్డ్ సమాచారంలోనే తల్లిదండ్రుల చదువు చాలామందికి నమోదు కాలేదు. దాన్ని సాధన చరరాశిగా పెడితే ఐవీ నమూనా గమనించకుండానే చిన్నదైపోతుంది. అప్పుడు రెండు అంచనాల తేడాలో కొంత భాగం కేవలం మనుషులు మారడం వల్ల వచ్చిందే.

మూడో రూపమైన సి గణాంకం సాధన చరరాశులు అవసరానికి మించి ఉండి, ఎటూ జీఎంఎం వాడుతున్నవారికి సహజమైన ఎంపిక. ఒక్క సాధన చరరాశితో పనిచేసేవారికి అది రెండో రూపం కంటే ఎక్కువ చెప్పేది ఏమీ ఉండదు.

తిరస్కరించకపోతే ఏమని అర్థం చేసుకోవాలి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తేడా ప్రామాణిక దోషం 0.055 కాబట్టి, ఐదు శాతం స్థాయిలో తిరస్కరించాలంటే రెండు అంచనాల మధ్య కనీసం 1.96 రెట్లు, అంటే దాదాపు 0.108 తేడా కనబడాలి. ఓఎల్‌ఎస్ అంచనా మొత్తమే 0.075. అంటే ఓఎల్‌ఎస్ చెప్పిన ప్రతిఫలం అంతా ప్రతిభ వల్ల వచ్చిన భ్రమే అయి, చదువుకు నిజంగా విలువే లేకపోయినా, ఐవీ అంచనా సరిగ్గా సున్నా దగ్గర వచ్చినా, ఈ పరీక్ష శూన్య పరికల్పనను తిరస్కరించేది కాదు. తిరస్కరించే అవకాశం ఎనభై శాతం ఉండాలంటే నిజమైన పక్షపాతం సుమారు 0.154 ఉండాలి, అంటే ఓఎల్‌ఎస్ అంచనాకు రెట్టింపు. శ్రామిక ఆర్థిక శాస్త్రంలో ఎవరూ అంత పక్షపాతాన్ని ఊహించరు. కాబట్టి ఈ సమాచారంలో ఈ పరీక్ష తిరస్కరించకపోవడం, చదువు బహిర్జనితమని చెప్పడానికి సాక్ష్యం కాదు; ఉండగలిగిన పక్షపాతాన్ని చూసే చూపు ఈ పరీక్షకు లేదని మాత్రమే దాని అర్థం.

దీనికి మూలం మొదటి దశలో ఉంది. దగ్గరలో కాలేజీ ఉన్నవారు సగటున 0.32 ఏళ్లు ఎక్కువ చదివారు; ఆ గుణకం ప్రామాణిక దోషం 0.088, ఎఫ్ విలువ సుమారు 13. పది దాటాలన్న పాత కొలబద్ద ప్రకారం అది గట్టెక్కుతుంది. కానీ నియంత్రణల తర్వాత చదువులో మిగిలిన హెచ్చుతగ్గుల్లో కాలేజీ సామీప్యం వివరించేది అర శాతం కంటే తక్కువ. అంత చిన్న ముక్క మీద నిలబడిన ఐవీ అంచనాకు అంత పెద్ద ప్రామాణిక దోషం ఉండడంలో ఆశ్చర్యం లేదు.

పోలికకు మరో ప్రసిద్ధ సమాచారాన్ని చూద్దాం. మ్రోజ్ 1987లో వాడిన, 1975 నాటి అమెరికన్ వివాహిత మహిళల సమాచారంలో వేతనం సంపాదిస్తున్నవారు 428 మంది. వారి చదువుకు తల్లి చదువు, తండ్రి చదువు అనే రెండింటిని సాధన చరరాశులుగా పెడితే మొదటి దశలో ఎఫ్ విలువ 55 దాటుతుంది. ఓఎల్‌ఎస్ గుణకం 0.1075, ప్రామాణిక దోషం 0.0141, ఐవీ గుణకం 0.0614, ప్రామాణిక దోషం 0.0314. తేడా 0.046, దాని ప్రామాణిక దోషం 0.028. అవశేషాల రిగ్రెషన్‌లో టీ విలువ 1.67, పి-విలువ సుమారు 0.095. మనుషులు ఏడో వంతే ఉన్నా, తేడాను కొలిచే కచ్చితత్వం కార్డ్ సమాచారం కంటే రెట్టింపు. ఇక్కడ ఐదు శాతం స్థాయిలో తిరస్కరించడానికి కావలసిన తేడా 0.055, అంటే ఓఎల్‌ఎస్ అంచనాలో సగం. అది కూడా గొప్ప చూపేమీ కాదు, కానీ ఉండగలిగిన పరిమాణాల పరిధిలోకి వచ్చింది.

ఈ రెండు ఉదాహరణల్లోనూ "ఐదు శాతం స్థాయిలో తిరస్కరించలేదు" అన్న ఒకే వాక్యం వస్తుంది. ఆ వాక్యం రెండుచోట్లా ఒకే సంగతిని చెప్పడం లేదు. అందుకే పి-విలువకు బదులు ఓఎల్‌ఎస్ పక్షపాతానికి విశ్వాస అంతరాన్ని రాయమని నేను గట్టిగా కోరతాను. కార్డ్ సమాచారంలో ఆ అంతరం −0.164 నుంచి 0.051 వరకు ఉంది. మ్రోజ్ సమాచారంలో −0.009 నుంచి 0.101 వరకు. మొదటిదాన్ని చూసిన పాఠకుడికి, ఓఎల్‌ఎస్ అంచనాలో మూడింట రెండు వంతులు ప్రతిభ వల్ల వచ్చి ఉండే అవకాశాన్ని కూడా ఈ సమాచారం కొట్టిపారేయలేదని వెంటనే అర్థమవుతుంది. పి-విలువ 0.30 అన్న సంఖ్య ఆ సంగతిని దాచేస్తుంది. ఈ అంతరం లెక్కించడానికి కొత్తగా ఏదీ అంచనా వేయనక్కరలేదు. పరీక్షకు వాడిన రెండు సంఖ్యలే చాలు.

తిరస్కరిస్తే ఏమని అర్థం చేసుకోవాలి

పరీక్ష తిరస్కరించినంత మాత్రాన ఓఎల్‌ఎస్ తప్పు, ఐవీ ఒప్పు అని తేలదు. రెండూ ఒకే విలువను కొలవడం లేదని మాత్రమే తేలుతుంది. సాధన చరరాశి సరైనదన్న మాటను పరీక్ష ముందే ఒప్పుకుని మొదలవుతుంది కనుక, ఆ మాట తప్పయితే తీర్పు కూడా తప్పుతుంది.

కార్డ్ ఉదాహరణలో ఇది ఎంత సున్నితమో చూడండి. కాలేజీకి దగ్గరగా పెరిగినవారి వేతనం సుమారు 4.2 శాతం ఎక్కువ. ఆ 0.042ను మొదటి దశ గుణకం 0.32తో భాగిస్తే వచ్చేదే ఐవీ అంచనా. కాలేజీ ఉన్న ఊళ్లలో మంచి బడులో, మంచి ఉద్యోగాలో ఉండి, చదువుతో నిమిత్తం లేకుండా వేతనాన్ని నేరుగా 1.8 శాతం పెంచుతున్నాయనుకుందాం. అప్పుడు చదువు ద్వారా వచ్చిన భాగం 0.024 మాత్రమే, దాన్ని 0.32తో భాగిస్తే 0.075, అంటే సరిగ్గా ఓఎల్‌ఎస్ అంచనా. రెండు అంచనాల మధ్య ఉన్న దూరమంతా రెండు శాతం కూడా లేని ఒక నేరుగా వచ్చే ప్రభావంతో మాయమవుతుంది. సాధన చరరాశికీ చదువుకూ మధ్య సంబంధం బలహీనంగా ఉన్నప్పుడు, చిన్న లోపాన్ని భాగహారం మూడు రెట్లు చేసి చూపిస్తుంది.

సాధన చరరాశిలో ఏ లోపం లేదని ఒప్పుకున్నా తేడాకు ఇంకా రెండు కారణాలు మిగులుతాయి. ప్రతిభ పక్షపాతమే కారణమైతే ఓఎల్‌ఎస్ ఐవీ కంటే పెద్దదిగా ఉండాలి. మ్రోజ్ సమాచారంలో అలాగే ఉంది. కార్డ్ సమాచారంలో దానికి తలకిందులుగా ఐవీ పెద్దది. చదివిన ఏళ్లను తప్పుగా నమోదు చేయడం వల్ల ఓఎల్‌ఎస్ గుణకం సున్నా వైపు కుంచించుకుపోవడం ఒక వివరణ. ప్రతిఫలం అందరికీ ఒకేలా ఉండకపోవడం మరో వివరణ. దగ్గరలో కాలేజీ ఉన్నందువల్లే చదువు కొనసాగించినవారు ఎక్కువగా డబ్బు కొరత ఉన్న కుటుంబాల పిల్లలైతే, వారికి ఒక అదనపు ఏడాది విలువ సగటు కంటే ఎక్కువ ఉండవచ్చు. ఐవీ కొలిచేది వారి ప్రతిఫలాన్ని. ఆ సందర్భంలో ఓఎల్‌ఎస్‌లో ఏ పక్షపాతమూ లేకపోయినా రెండు అంచనాలూ వేరుగా ఉంటాయి. పరీక్ష ఆ తేడాను అంతర్జనితత్వంగా చదువుతుంది. కాబట్టి తేడా గుర్తు మీరు ఊహించిన దిశలో ఉందా అని చూడకుండా తిరస్కరణకు అర్థం చెప్పకూడదు.

సాధన చరరాశులు ఒకటి కంటే ఎక్కువ ఉంటే సార్గన్ పరీక్ష చేసి నిశ్చింతగా ఉండవచ్చని కొందరు అనుకుంటారు. మ్రోజ్ సమాచారంలో ఆ గణాంకం 0.378, పి-విలువ 0.54. రెండు సాధన చరరాశులూ ఒకే అంచనాను ఇస్తున్నాయని దీని అర్థం. తల్లి చదువు, తండ్రి చదువు రెండూ కూతురి వేతనాన్ని ఒకే దారిలో, కుటుంబ పరిచయాల ద్వారానో ఇంట్లో అబ్బిన నైపుణ్యాల ద్వారానో, నేరుగా ప్రభావితం చేస్తే, రెండూ ఒకే తప్పు సమాధానం వద్ద కలుస్తాయి. సార్గన్ పరీక్షకు ఆ తప్పు కనబడదు.

అనుభవం అనే చరరాశి గురించి

పై ఆదేశాల్లో `exper` ను బహిర్జనితమని అనుకున్నాను; పాఠ్యపుస్తకాల్లోనూ అలాగే చేస్తారు. కానీ ఈ సమాచారంలో అనుభవాన్ని ఎవరూ కొలవలేదు. వయసు నుంచి చదివిన ఏళ్లను, మరో ఆరును తీసివేసి లెక్కించారు. చదువు దోష పదంతో ముడిపడి ఉంటే అనుభవం కూడా తప్పకుండా ముడిపడి ఉంటుంది. వయసును, వయసు వర్గాన్ని సాధన చరరాశులుగా చేర్చి, అనుభవాన్నీ దాని వర్గాన్నీ కూడా అంతర్జనితాలుగా తీసుకోవడం సమంజసం. అప్పుడు మొదటి దశలు మూడవుతాయి, మూడింటి అవశేషాలనూ వేతన సమీకరణంలో చేర్చి ఉమ్మడి పరీక్ష చేయాలి. మీ సొంత సమాచారంలో కూడా అనుమానించిన చరరాశి నుంచి లెక్కించిన మరో చరరాశి నియంత్రణల్లో దాగి ఉందేమో ముందుగా చూసుకోండి. ఒకదాన్ని పరీక్షించి మరోదాన్ని వదిలేస్తే పరీక్ష సగం దారిలోనే ఆగిపోయినట్టు.

ఎంపిక ఎలా చేయాలి

పరీక్ష తిరస్కరిస్తే ఐవీ, తిరస్కరించకపోతే ఓఎల్‌ఎస్ అని పరీక్ష చేతికే నిర్ణయాన్ని అప్పగించడం అలవాటుగా మారింది. ఆ రెండు మెట్ల పద్ధతిలో రెండో మెట్టు మీద వచ్చే టీ పరీక్ష, విశ్వాస అంతరం తాము చెప్పిన మాట నిలబెట్టుకోవని 2010లో గుగ్గెన్‌బెర్గర్ చూపించారు. తొంభై ఐదు శాతమని రాసిన అంతరం నిజ విలువను అంతకంటే చాలా తక్కువ సార్లు పట్టుకోవచ్చు. కారణం పైన చూసినదే. పక్షపాతం ఉన్నా పరీక్షకు కనబడని పరిస్థితుల్లో మనం ఓఎల్‌ఎస్‌ను ఎంచుకుంటాం. దాని ప్రామాణిక దోషం చాలా చిన్నది కనుక, తప్పు విలువ చుట్టూ ఇరుకైన అంతరాన్ని ఎంతో నమ్మకంగా గీస్తాం. కార్డ్ సమాచారంలో ఓఎల్‌ఎస్ అంతరం 0.068 నుంచి 0.082 వరకు. ఐవీ అంతరం 0.024 నుంచి 0.239 వరకు. పరీక్ష తిరస్కరించలేదన్న కారణంతో రెండోదాన్ని వదిలి మొదటిదాన్ని రాయడమంటే, సమాచారంలో లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపించడమే.

అందుకని నేను పాటించే క్రమం వేరు. చదువు అంతర్జనితమని అనుకోవడానికి విషయపరమైన కారణం ఉంటే, పరీక్ష ఏం చెప్పినా ప్రధాన ఫలితంగా ఐవీనే ఉంచుతాను. ఓఎల్‌ఎస్‌ను పక్కనే పెట్టి, పక్షపాతపు అంతరాన్ని కింద రాస్తాను. మొదటి దశ ఎఫ్ విలువ కార్డ్ సమాచారంలోలా పదీ ఇరవైల మధ్య ఉంటే, ఐవీ అంచనాకు మామూలు 1.96 రెట్ల అంతరం కూడా సరిపోదు. ఐదు శాతం పరీక్షలో 1.96ను నమ్మకంగా వాడాలంటే, ఒక్క సాధన చరరాశి ఉన్నప్పుడు, ఎఫ్ 104.7 దాటాలని లీ, మెక్రేరీ, మొరేరా, పోర్టర్ 2022లో లెక్కించారు. అంతకంటే తక్కువ ఉన్నప్పుడు ఆండర్సన్–రూబిన్ అంతరాన్ని ఇవ్వడం మేలు. సాధన చరరాశి బలహీనంగా ఉన్నా అది చెల్లుతుంది.

ఓఎల్‌ఎస్‌ను ప్రధాన ఫలితంగా ఎంచుకోవడానికి కూడా న్యాయమైన సందర్భం ఒకటుంది. అంచనా సగటు వర్గ దోషాన్ని తక్కువగా ఉంచడమే లక్ష్యమైతే, ఓఎల్‌ఎస్ పక్షపాతం ఐవీ ప్రామాణిక దోషం కంటే చిన్నదిగా ఉన్నంతవరకు ఓఎల్‌ఎస్ నిజ విలువకు సగటున దగ్గరగా ఉంటుంది. కార్డ్ సమాచారంలో ఆ హద్దు దాదాపు 0.055. ప్రతిభ పక్షపాతం మూడు నాలుగు శాతం బిందువులను మించదని ఇతర ఆధారాలతో మీరు చెప్పగలిగితే, బిందు అంచనాగా 0.075ను వాడడం తప్పు కాదు. అలా ఎంచుకున్నప్పుడు ఆ ఆధారాలేమిటో రాయాలి. ఓఎల్‌ఎస్ అంతరానికి రెండు వైపులా ఆ పక్షపాతాన్ని కలిపి, 0.068 నుంచి 0.082 అన్నదాన్ని సుమారు 0.03 నుంచి 0.12 వరకు వెడల్పు చేసి చూపించాలి. హౌస్‌మన్ పరీక్ష పి-విలువను ఆ ఆధారాల స్థానంలో పెట్టకూడదు, ఎందుకంటే ఆ 0.30 అన్న సంఖ్య, పక్షపాతం నాలుగు శాతం లోపే ఉందో, పది శాతం ఉందో వేరుచేసి చెప్పలేదు.